అన్నం, పప్పు, చికెన్: వండాక తూచాలా, వండకముందు తూచాలా?

ప్రశ్న: నమస్తే అండీ. జిమ్‌లో చేరాక వంటింట్లోకి ఒక చిన్న డిజిటల్ స్కేల్ కొన్నాను. నిన్న మధ్యాహ్నం ప్లేట్లో 250 గ్రాముల అన్నం, 200 గ్రాముల కందిపప్పు, 150 గ్రాముల బోన్‌లెస్ చికెన్ ముక్కలు తూచుకుని యాప్‌లో ఎక్కిస్తే ఒక్క పూటకే 1760 కేలరీలు, 95 గ్రాముల ప్రొటీన్ అని చూపించింది. ఈ లెక్కన రోజుకి మూడు వేలు దాటుతున్నాను, కానీ బరువు మాత్రం మెల్లగా తగ్గుతూనే ఉన్నాను. స్కేల్ తప్పా, యాప్ తప్పా? పచ్చిదే తూచాలని కొందరంటారు. మా ఇంట్లో అందరికీ కలిపి ఒకే గిన్నెలో వండుతారు, అందులో నా వాటా పచ్చిగా ఎలా తూచను? ఎముకలున్న ముక్కలైతే ఏం చేయాలి?

సమాధానం: స్కేల్ తప్పేం లేదు, యాప్ కూడా తనకి తెలిసిన లెక్కే చెప్పింది. మీరిచ్చిన అంకెల్ని వెనక్కి లెక్కేసి చూస్తే విషయం బయటపడుతోంది. వండని బియ్యం 100 గ్రాములకి సుమారు 360 కేలరీలు, కాబట్టి 250 గ్రాములకి 900. వండని కందిపప్పు 100 గ్రాములకి సుమారు 340, అంటే 200 గ్రాములకి 680. పచ్చి చికెన్ బ్రెస్ట్ 100 గ్రాములకి 120, మీ 150 గ్రాములకి 180. మూడూ కలిపితే సరిగ్గా 1760. అంటే మీరు తూచింది వండినవి, యాప్‌లో నొక్కింది మాత్రం మూడుసార్లూ పచ్చివాటి ఎంట్రీ.

పచ్చిదే తూచాలనీ, వండిందే తూచాలనీ జరిగే వాదనలో పెద్దగా పస లేదు. ఏ స్థితిలో తూచితే ఆ స్థితికి సంబంధించిన ఎంట్రీనే ఎంచుకోవాలి, అంతే. చిక్కల్లా ఎక్కడంటే, వండిన వాటి ఎంట్రీలు అన్నానికి బాగానే పనిచేస్తాయి, చికెన్‌కి ఓ మాదిరిగా పనిచేస్తాయి, పప్పుకి మాత్రం చాలాసార్లు దెబ్బతీస్తాయి. ఎందుకో ఒక్కోటీ చూద్దాం.

ముందు అన్నం. బియ్యంలో తేమ 12 శాతం దాకా ఉంటుంది, మిగతా 88 శాతం పిండిపదార్థం, ప్రొటీన్ లాంటి అసలు సరుకు. 100 గ్రాముల బియ్యం ఉడికి 270 గ్రాముల అన్నమైతే ఆ పెరిగిన 170 గ్రాములూ నీళ్లే. నీటికి కేలరీలు లేవు, ప్రొటీన్ లేదు. కాబట్టి ఆ 270 గ్రాముల అన్నంలోనూ ఉన్నవి అవే 360 కేలరీలు, అదే 7 గ్రాముల ప్రొటీన్, కాకపోతే ఎక్కువ బరువు మీద పరుచుకుని ఉంటాయి. అందుకే పట్టికల్లో తెల్లన్నం 100 గ్రాములకి దాదాపు 130 కేలరీలు, 2.7 గ్రాముల ప్రొటీన్ అని ఉంటుంది. మీ 250 గ్రాముల అన్నానికి సరైన లెక్క 325 దరిదాపుల్లో ఉండాలి. మీరు వేసుకుంది 900. రోజూ రెండు పూటలు ఇలా వేసుకుంటే వెయ్యికి పైగా లేని కేలరీలు లెక్కలోకి వచ్చేస్తాయి. మూడు వేలు తింటూ బరువు ఎలా తగ్గుతున్నానన్న మీ అనుమానానికి జవాబు చాలావరకు ఇక్కడే ఉంది.

మాంసం దగ్గరికొచ్చేసరికి ఇదే లెక్క తిరగబడుతుంది. బియ్యం, పప్పు నీళ్లు పీల్చుకుని బరువెక్కుతాయి. మాంసం వేడి తగలగానే బిగుసుకుని తనలోని నీటిని బయటికి వదిలేస్తుంది. పచ్చి చికెన్ బ్రెస్ట్‌లో నాలుగింట మూడొంతులు నీళ్లే. ఉడికాక 100 గ్రాములు కాస్తా 70, 75 గ్రాములకి దిగుతుంది, ప్రొటీన్ మాత్రం దాదాపు అంతా ముక్కలోనే ఉండిపోతుంది. పచ్చిదైతే 100 గ్రాములకి 22.5 గ్రాముల ప్రొటీన్ ఉండే బ్రెస్ట్, రోస్ట్ చేశాక 31 గ్రాములు చూపించేది ఇందుకే. ప్రొటీన్ కొత్తగా ఎక్కడి నుంచో రాలేదు, నీళ్లు పోయి చిక్కబడింది. అన్నం, పప్పుల్లో మీరు లేనిది కలుపుకున్నారు, చికెన్‌లో ఉన్నదాన్ని వదులుకున్నారు. ఈ రెండు తప్పులూ ఎదురెదురుగా ఉండటం వల్ల ప్రొటీన్ మొత్తం 95 అని కనిపిస్తే ఎవరికీ అనుమానం రాదు. జిమ్‌కి వెళ్లేవాళ్లకి వినడానికి బాగానే ఉండే అంకె కూడానూ.

ఇక అసలు ప్రశ్న, అందరికీ కలిపి వండే గిన్నెలోంచి మీ వాటా తీయడం. మీ బియ్యం విడిగా తూచి విడిగా వండక్కర్లేదు. గిన్నెలోకి మొత్తం ఎంత పచ్చిది వెళ్లిందో తెలియాలి, వండాక మొత్తం ఎంత అయిందో తెలియాలి, అందులో మీరు ఎంత తీసుకున్నారో తెలియాలి. ఈ మూడూ ఉంటే మిగతాది చిన్న గుణకారం, భాగహారం:

నా వాటా పచ్చి బరువు = నా ప్లేట్లో బరువు × పచ్చిది మొత్తం ÷ వండినది మొత్తం

మీ ప్లేటునే తీసుకుని చేసి చూద్దాం. గిన్నె బరువులు మీరు రాయలేదు కాబట్టి నలుగురికి వండే ఇంట్లో మామూలుగా ఉండే అంకెలు వేస్తున్నాను, వీటి స్థానంలో మీ ఇంటివి వేసుకోండి. పొద్దున వండే ముందు 400 గ్రాముల బియ్యం తూచారనుకోండి, కడగకముందే. ఉడికాక గిన్నెతో సహా తూచి, ఖాళీ గిన్నె బరువు తీసేస్తే 1080 గ్రాముల అన్నం వచ్చింది. మీరు తిన్నది 250. అంటే 250 ని 400 తో గుణించి 1080 తో భాగిస్తే సుమారు 93 గ్రాముల బియ్యం. దానికి 333 కేలరీలు, ఆరున్నర గ్రాముల ప్రొటీన్. వండిన అన్నం ఎంట్రీతో వచ్చిన 325 కి దీనికి పెద్ద తేడా లేదు. అన్నం విషయంలో గిన్నె లెక్క చేయడానికి బద్ధకమైతే మానేసి, వండిన అన్నం ఎంట్రీ వాడేసుకోవచ్చని నా అభిప్రాయం. మీ ఇంట్లో అన్నం బాగా మెత్తగా, ఎక్కువ నీళ్లు పోసి వండితే మాత్రం ఒకటి రెండుసార్లు గిన్నె తూచి చూడండి. ఆ 400 గ్రాములే 1300 గ్రాములైతే మీ 250 గ్రాముల్లో ఉన్న బియ్యం 77 గ్రాములే, అంటే 277 కేలరీలు. గంజి వార్చే అలవాటుంటే కొంత పిండి గంజితో పోతుంది కాబట్టి పచ్చి బియ్యం లెక్క కాస్త ఎక్కువ చూపిస్తుంది, దానికి పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు.

పప్పు దగ్గర మాత్రం నా మాట వినండి, వండిన పప్పు ఎంట్రీని నమ్మకండి. ఆ ఎంట్రీ ఎలాంటి పప్పుకో చూడండి. పట్టికల్లో ఉడికించిన కందులు 100 గ్రాములకి 121 కేలరీలు, దాదాపు 6.8 గ్రాముల ప్రొటీన్ అని ఉంటుంది. అవి ఉడికించి, నీళ్లు వంపేసి, గింజల్ని మాత్రమే తూచి చెప్పినవి. మన గిన్నెలో ఉన్నది గింజలు కాదు, మెదిపి, నీళ్లు పోసి, పోపు పెట్టిన పప్పు. ఆ నీళ్లు ఎన్ని అన్నది వండేవాళ్ల చేతిలో ఉంటుంది, రోజుకో తీరుగా ఉంటుంది. 200 గ్రాముల కందిపప్పుతో వండింది, పోపూ అదీ కలిపి చివరికి 1000 గ్రాములు అయిందనుకుంటే, మీ 200 గ్రాములు అందులో అయిదో వంతు. అంటే మీరు తిన్నది 40 గ్రాముల పప్పు. దాంట్లో 136 కేలరీలు, 100 కి 22 చొప్పున 8.8 గ్రాముల ప్రొటీన్. వండిన ఎంట్రీ నొక్కి ఉంటే 13.5 గ్రాములు అని చెప్పేది. మీరు నొక్కిన పచ్చి ఎంట్రీ అయితే ఏకంగా 44 అంది.

అదే 200 గ్రాముల పప్పుని ముద్దపప్పులా గట్టిగా వండి 700 గ్రాముల దగ్గర ఆపితే మీ ప్లేట్లోని 200 గ్రాములకి పన్నెండున్నర గ్రాముల ప్రొటీన్ వస్తుంది. పల్చగా చేసి 1400 గ్రాములు చేస్తే ఆరు పైచిలుకే. స్కేల్ మీద రెండూ 200 గ్రాములే చూపిస్తాయి. అందుకే పప్పుకి గిన్నె లెక్క తప్ప వేరే దారి లేదు. అదృష్టం కొద్దీ ఇదే అన్నింటికంటే సులువు కూడా, ఎందుకంటే వండకముందు పప్పుని ఒక్కసారి తూచితే చాలు, అది గిన్నెలోంచి ఎక్కడికీ పోదు. నానబెట్టే అలవాటుంటే నానబెట్టకముందే తూచాలి, నానాక తూచారంటే మళ్లీ మొదటికొస్తుంది. పప్పులో టమాటానో ఆకుకూరో వేస్తే వాటి కేలరీలు ఈ లెక్కకి లెక్కలోవి కావు, కానీ వాటి బరువు గిన్నె మొత్తంలో కలిసిపోతుంది కాబట్టి లెక్క తప్పదు.

చికెన్ కూరలో ముక్కలూ ఉంటాయి, గ్రేవీ కూడా ఉంటుంది. కాబట్టి గిన్నె మొత్తం తూచి భాగించడం ఇక్కడ కుదరదు. మీకు ముక్కలు ఎక్కువ పడితే పక్కవాళ్లకి గ్రేవీ ఎక్కువ పడుతుంది. చేయాల్సిందేమిటంటే, ఒకే ఒక్కసారి కాస్త ఓపిక చేసుకుని పచ్చి ముక్కలు తూచడం, కూర అయ్యాక ముక్కలన్నీ గరిటెతో తీసి, అంటుకున్న గ్రేవీ విదిల్చి మళ్లీ తూచడం. పచ్చివి 600 గ్రాములు, ఉడికినవి 440 గ్రాములు వచ్చాయనుకోండి. 440 ని 600 తో భాగిస్తే 0.73. ఇదే మీ ఇంటి కూర నిష్పత్తి. ఇకమీదట ప్లేట్లో ముక్కలు తూచి 0.73 తో భాగిస్తే పచ్చి బరువు వచ్చేస్తుంది. మీ 150 గ్రాములు పచ్చిగా ఉన్నప్పుడు 205 గ్రాములు. కేలరీలు 245, ప్రొటీన్ 46 గ్రాములు. మీరు వేసుకున్న 34 కంటే పన్నెండు గ్రాములు ఎక్కువ, అంటే మీరు నిజంగా తిన్న మాంసం మీరు అనుకున్న దానికంటే ఎక్కువ.

ఈ 0.73 ఎప్పుడూ ఇంతే ఉంటుందని అనుకోకండి. కూరలో మూతపెట్టి ఉడికించిన ముక్క ఒకలా కుంచించుకుపోతుంది, పెనం మీద పొడిగా వేయించిన ముక్క ఇంకా ఎక్కువ నీరు పోగొట్టుకుని 0.6 దాకా కూడా దిగొచ్చు. కాబట్టి కూరకి ఒకటి, వేపుడుకి ఒకటి నిష్పత్తి విడివిడిగా కనుక్కుని ఫోన్‌లో రాసుకోండి. పచ్చి ముక్కలు తూచేది పెరుగు, మసాలా పట్టించకముందు. ఫ్రీజర్‌లోంచి తీసినవైతే పూర్తిగా కరిగాక, కారిన నీళ్లు వంపేసి తూచాలి. మంచు పట్టిన ముక్కని అలాగే తూచితే మంచుకి కూడా ప్రొటీన్ కట్టినట్టవుతుంది.

కొవ్వు ఉన్న మాంసమైతే ఇంకో సంగతి ఉంది. ఉడికేటప్పుడు కొవ్వు కొంత కరిగి గ్రేవీలోకి దిగుతుంది. గ్రేవీ అన్నంలో కలుపుకుని తింటే ఆ కొవ్వు మీ లెక్కలోదే. రోస్ట్ చేసి, కారిన కొవ్వు పారేస్తే మీది కాదు. అప్పుడు పచ్చి బరువుతో వేసిన లెక్క కేలరీలని కొంచెం ఎక్కువ చూపిస్తుంది, ప్రొటీన్‌కి మాత్రం పెద్ద తేడా ఉండదు. బ్రెస్ట్‌లో కొవ్వు చాలా తక్కువ కాబట్టి మీకు ఇది పట్టించుకోవాల్సినంత విషయం కాదు.

మీ ఉత్తరంలో ఎక్కడా కనిపించని ఒక వస్తువు గురించి చెప్పాలి, నూనె. ముక్కలు తూచారు, పప్పు తూచారు, వాటిని వండిన నూనె మాత్రం యాప్‌లోకి ఎక్కలేదు. నూనె 100 శాతం కొవ్వు, గ్రాముకి 9 కేలరీలు, నీళ్లలా వదిలేయడానికి లేదు. పప్పు పోపుకి 20 గ్రాములు వాడితే అయిదో వంతు మీది, అంటే 4 గ్రాములు, 36 కేలరీలు. చికెన్‌కి 40 గ్రాములు వాడి, ముక్కల్లో మూడో వంతు మీకొస్తే, గ్రేవీ కూడా అదే పాళ్లలో వేసుకున్నారనుకుందాం, దాదాపు 13, 14 గ్రాములు, అంటే 120 కేలరీల పైమాట. నూనెని తూచడం కష్టమేం కాదు. సీసాని స్కేల్ మీద పెట్టి బరువు చూసుకోండి, పోసుకున్నాక మళ్లీ పెట్టండి, తగ్గినదంతా గిన్నెలోకి వెళ్లినట్టే. స్పూన్లతో కొలిచే లెక్క నేను నమ్మను, ఒక్కొక్కరి చేతిలో స్పూన్ ఒక్కో సైజులో నిండుతుంది.

ఇప్పుడు మీ భోజనం మళ్లీ కూడదాం. అన్నం 333, పప్పు 136, చికెన్ 245, నూనె రెండూ కలిపి 160 కి కాస్త అటూ ఇటూ. మొత్తం సుమారు 870 కేలరీలు. ప్రొటీన్ ఆరున్నర, 8.8, 46 కలిపి 61 గ్రాములు. మీ యాప్ చూపించిన 1760 లో ఇది సగం, 95 గ్రాముల ప్రొటీన్‌లో మూడింట రెండు వంతులు. బరువు ఎందుకు తగ్గుతున్నారో కేలరీల తేడాయే చెబుతోంది. కండ పెంచాలని జిమ్‌లో చేరి ఉంటే మాత్రం రెండో తేడాని తేలిగ్గా తీసుకోకండి. రోజుకి ఇంత ప్రొటీన్ అని ఒక అంకె పెట్టుకుని, అందులో 34 గ్రాములు లేనివే వచ్చినట్టు రాసుకుంటూ పోతే ఎన్ని నెలలైనా ఆ అంకె పేపరు మీదే ఉంటుంది.

ఎముకలున్న ముక్కల సంగతి అడిగారు. ఎముకలతో కలిపి పచ్చి బరువు తూచి బోన్‌లెస్ ఎంట్రీలో వేయకండి, ఎముకలకి కూడా ప్రొటీన్ కట్టినట్టవుతుంది. దీనికి నేను చెప్పేది తిన్నాక తూచే పద్ధతి. ప్లేట్లో ముక్కలు వేసుకునేటప్పుడు తూచండి, 230 గ్రాములు వచ్చాయనుకోండి. తినేశాక ప్లేట్లో మిగిలిన ఎముకలు, తినకుండా పక్కన పెట్టిన తోలు, గట్టి ముక్కలు అన్నీ కలిపి మళ్లీ తూచండి, 80 వచ్చింది. తేడా 150 గ్రాములు, మీ కడుపులోకి వెళ్లిన ఉడికిన మాంసం అదే. ఎముకల కూరలో బ్రెస్ట్ ఒక్కటే ఉండదు, తొడ, రెక్క అన్నీ కలిసి ఉంటాయి, పైగా ఇవి రోస్ట్ కాదు, ఉడికినవి. అందుకని 31 కాకుండా, తోలు లేని ఉడికిన చికెన్ మాంసానికి ఉన్న 27 గ్రాముల లెక్క వాడండి. 150 గ్రాములకి నలభై గ్రాముల ప్రొటీన్ వస్తుంది. ఎముకలు తూచుతున్నారని ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి, రెండు మూడు సార్లు చేస్తే మీ ఇంటికొచ్చే ముక్కల్లో ఎముక ఎంత శాతమో తెలిసిపోతుంది, ఆ తర్వాత తూచక్కర్లేదు. మేక మాంసానికీ ఇదే దారి, పచ్చిది 100 కి ఇరవై పైచిలుకు ప్రొటీన్, వండాక 27 దాకా.

యాప్‌లో ఎంట్రీ ఎంచుకునేటప్పుడు ఒక్క జాగ్రత్త. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల నుంచి తీసుకున్న ఎంట్రీల పేర్లలో raw అనో cooked అనో స్పష్టంగా ఉంటుంది. మీలాంటి వాడుకరులు ఎక్కించిన ఎంట్రీల్లో చాలాసార్లు ఆ మాటే ఉండదు, ఊరికే Rice అనో Dal అనో ఉంటుంది. అప్పుడు పేరు కాదు, 100 గ్రాములకి ఎంత రాశారో చూడండి. బియ్యానికి 350 దాటితే పచ్చిది, 130 దగ్గరుంటే వండింది. పప్పుకి 330, 350 మధ్య ఉంటే పచ్చిది, 100, 120 మధ్య ఉంటే ఉడికింది, 60, 70 ఉంటే ఎవరో తమ ఇంటి పల్చటి పప్పు ఎక్కించారని అర్థం. చికెన్ బ్రెస్ట్‌కి కేలరీల కంటే ప్రొటీన్ చూడటం మేలు, 22, 23 అయితే పచ్చిది, 30 దరిదాపుల్లో ఉంటే వండింది. ప్యాకెట్ మీద అచ్చేసిన పోషకాల పట్టిక అయితే, వండాక అని ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప, ప్యాకెట్‌లో ఉన్న స్థితికే వర్తిస్తుంది. బియ్యం సంచి మీద ఉన్న అంకెని అన్నానికి వాడి చాలామంది పొరబడేది ఇక్కడే.

యాప్‌లో సొంత వంటకం చేసుకునే సదుపాయం ఉంటే గిన్నె లెక్క దానికే అప్పజెప్పేయండి. పప్పు 200 గ్రాములు పచ్చి ఎంట్రీతో, నూనె 20 గ్రాములు వేసి, ఎన్ని సర్వింగ్స్ అని అడిగిన చోట నలుగురం కదా అని 4 వేయకండి, వండాక వచ్చిన గ్రాముల సంఖ్య, అంటే 1000 వేయండి. అప్పుడు ఒక్కో సర్వింగ్ ఒక గ్రాము అవుతుంది. మీ ప్లేట్లో 200 గ్రాములు ఉంటే 200 సర్వింగ్స్ అని ఎక్కిస్తే చాలు, నూనెతో సహా లెక్క వచ్చేస్తుంది. మర్నాడు గిన్నె 1100 అయితే ఆ ఒక్క అంకె మార్చుకోండి.

స్కేల్ వాడకంలో కూడా చిన్న చిన్న తప్పులు దొర్లుతుంటాయి. మీ ఇంట్లోని కుక్కర్, అన్నం గిన్నె, పప్పు గిన్నె ఖాళీగా ఉన్నప్పుడు మూతల్లేకుండా తూచి, ఆ బరువులు గోడ మీదో ఫోన్‌లోనో రాసి పెట్టుకోండి, ఎందుకంటే వండాక గిన్నె ఖాళీ బరువు కావాలంటే అన్నం అంతా తీసి పక్కన పెట్టాలి. ఈ స్కేళ్లు చాలావరకు 5 కిలోల దాకానే చూపిస్తాయి, బరువైన కుక్కర్‌తో సహా పెడితే దాటిపోయే అవకాశం ఉంది, అప్పుడు వేరే గిన్నెలోకి మార్చి తూచుకోవాలి. పొయ్యి మీంచి దించిన గిన్నెని నేరుగా స్కేల్ మీద పెట్టకండి, లోపలి సెన్సర్ వేడికి అంకెలు జారిపోతాయి, ప్లాస్టిక్ పాడవుతుంది కూడా. చెక్క పలకో మందపాటి గుడ్డో వేసి, టేర్ బటన్ నొక్కి సున్నా చేసుకుని, కాసేపు ఆవిరి పోయాక పెట్టండి.

మీ వాటా తీసుకోడానికి ప్లేటు తూచడం కంటే సులువైన పద్ధతి ఒకటుంది. గిన్నె స్కేల్ మీద పెట్టి టేర్ నొక్కండి, గరిటెతో మీక్కావలసినంత తీసుకోండి, స్కేల్ మీద మైనస్ 250 అని కనిపిస్తుంది. అదే మీ వాటా. ప్లేట్లో అప్పటికే ఇంకేం ఉన్నా ఫర్వాలేదు. మసాలాలూ, పోపు గింజలూ లాంటివి రెండు మూడు గ్రాములుంటే ఈ స్కేళ్ల మీద తూచే ప్రయత్నమే చేయకండి, గ్రాము అటూ ఇటూ అంటే అక్కడ సగం తప్పు. ఇంకోటి, కొన్ని స్కేళ్లు మెల్లగా చిటికెడు చిటికెడు పోస్తుంటే బరువు మారుతున్నట్టే గుర్తించవు, సున్నా దగ్గరే ఉండిపోతాయి. అలాంటప్పుడు వేరే గిన్నెలో పోసుకుని ఒకేసారి పెట్టండి.

ఎంత జాగ్రత్తగా చేసినా పట్టికలోని అంకెలు సగటులే, బియ్యం రకాన్ని బట్టీ, పప్పు పాతదా కొత్తదా అన్నదాన్ని బట్టీ, కోడిని బట్టీ కొంత మారతాయి. కాబట్టి 93 గ్రాములా 95 గ్రాములా అని బుర్ర పాడుచేసుకోవడం అనవసరం. మీరు చూసుకోవాల్సింది 900 కి 333 కి మధ్య ఉన్నలాంటి తేడాలు. అన్నం రోజూ అదే కుక్కర్‌లో, అవే నీళ్లతో వండుతుంటే మూడు నాలుగు సార్లు గిన్నె తూచండి. వండిన బరువుని బియ్యం బరువుతో భాగిస్తే ప్రతిసారీ 2.6, 2.8 మధ్య వస్తుంటే ఇక అన్నాన్ని 2.7 తో భాగించి వదిలేయండి. చికెన్ కూరకీ అంతే. పప్పుకి మాత్రం, నీళ్ల కొలత మీ ఇంట్లో స్థిరంగా ఉంటే తప్ప, గిన్నె తూచడం మానొద్దు.

ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం మర్నాడు తింటే కొంచెం ఎండి బరువు తగ్గుతుంది, వేయిస్తే ఇంకా తగ్గుతుంది, నిన్నటి 2.7 తో భాగిస్తే ఈ రోజు తక్కువ చూపిస్తుంది. మిగిలింది మీరే తింటారని తెలిస్తే ఫ్రిజ్‌లో పెట్టకముందే డబ్బా తూచి, ఆ బరువుని ఒక చీటీ మీద రాసి మూతకి అంటించండి, మర్నాడు ఎంత ఎండినా లెక్కకి ఆ చీటీ మీదున్న అంకే వాడుకోవచ్చు.